వారం రోజుల ఖాళీ ప్యాకెట్లు: ఇంట్లో అల్ట్రా ప్రాసెస్డ్ తిండిని ఎలా గుర్తించాలి, ఎక్కడ తగ్గించాలి

ఈ వారం మీ ఇంట్లో ఖాళీ అయిన ఏ ప్యాకెట్‌నూ పారేయకండి. వంటింటి తలుపు వెనక ఒక సంచి తగిలించి బిస్కెట్ కవరు, పాల ప్యాకెట్, నూనె ప్యాకెట్, చిప్స్ కవరు, కూల్‌డ్రింక్ సీసా అన్నీ అందులో వేయండి. పిల్లలు బయట కొనుక్కుని తిన్నవాటి కవర్లు కూడా తెచ్చి వేయమనండి. "ఈ వారం ఏమేం తిన్నారు" అని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. కవర్లయితే లెక్క తప్పవు.

దేవరకొండ దగ్గర మా అక్క వాళ్ల ఊళ్లో ఈ పని చేయించాను. "ఏందే ఇది, చెత్త గూడ దాచిపెట్టుమంటవా?" అంది మొదట. ఇంట్లో ఐదుగురు: అక్క, బావ, ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న అత్తమ్మ. ఆదివారం సంచిని అరుగు మీద బోర్లించి లెక్కపెట్టాం. బిస్కెట్లు 14, చిప్స్, కరకరలాడే పది రూపాయల ప్యాకెట్లు కలిపి 11, నూడుల్స్ 5, కూల్‌డ్రింక్ సీసాలు 4, పాలలో కలిపే మాల్ట్ పొడి చిన్న ప్యాకెట్లు 7, అత్తమ్మ కోసం తెచ్చిన షుగర్ ఫ్రీ బిస్కెట్లు 2, బ్రెడ్ 1, అల్లం వెల్లుల్లి పేస్టు 2. ఇవి కాక పాల ప్యాకెట్లు 14, నూనె, ఉప్పు, కందిపప్పు, అటుకులు ఉన్నాయి.

"అన్నీ ప్యాకెట్లే గదా, మరి పాలు గూడ ఖరాబేనా?" అని అడిగింది అక్క. అసలు పని ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

ముందు కుప్పలు వేరు చేయండి

ప్యాకెట్‌లో వచ్చిందల్లా అల్ట్రా ప్రాసెస్డ్ కాదు. ఈ మాట 2009 తర్వాత వాడుకలోకి వచ్చింది. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటేరో అనే ఆచార్యుడు, ఆయన బృందం ఆహారాన్ని నాలుగు గుంపులుగా విడదీశారు. ఆ పద్ధతికి 'నోవా' అని పేరు. తిండిలో ఎంత కొవ్వు, ఎంత చక్కెర ఉందని ఇది చూడదు. ఆ తిండిని ఎలా, ఎందుకోసం తయారు చేశారన్నదే చూస్తుంది.

మొదటి గుంపులో ఉన్నవి ఉన్నట్టుగానో, కడిగి, ఎండబెట్టి, పిండి పట్టించి, కాచి ఇచ్చేవో ఉంటాయి: బియ్యం, జొన్నలు, పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు, అటుకులు. రెండోది వంటలోకి వాడే నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర, బెల్లం. మొదటిదానికి రెండోది కలిపి చేసినవి మూడో గుంపు. ఉప్పు, నూనె వేసిన మామిడికాయ తొక్కు ఇక్కడికే వస్తుంది. నాలుగోదే అల్ట్రా ప్రాసెస్డ్. ఇందులో అసలు ధాన్యమో పండో అలాగే ఉండదు. దాన్ని పిండిపదార్థం, నూనె, ప్రొటీన్, చక్కెరగా విడగొట్టి, మళ్లీ కలిపి, రుచి, రంగు, మెత్తదనం బయటి నుంచి అద్ది తయారు చేస్తారు.

కాబట్టి పాల ప్యాకెట్లు, నూనె, ఉప్పు, పప్పు, అటుకులు పక్కన పెట్టేయండి. మిగిలిన కవర్లను తిరగేయాలి.

కవరు వెనక ఏం చదవాలి

మన దేశంలో తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే సరిపోతుంది. తెలుగు చాలాసార్లు ఉండదు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి, ఇంగ్లీషు రానివాళ్లు బడికి పోయే పిల్లలతో చదివించుకోండి. 'ఇంగ్రీడియెంట్స్' అన్న మాట వెతకండి. ఆ వరుసలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు వస్తుంది. ఇది నిబంధన.

మా అక్క సంచిలోని ఒక బిస్కెట్ కవరు వరుస ఇలా ఉంది: మైదా, చక్కెర, పామాయిల్, ఇన్వర్ట్ షుగర్ సిరప్, పొంగడానికి వేసే 503, 500, పాలపొడి, ఉప్పు, ఎమల్సిఫయర్లు 322, 471, కృత్రిమ సువాసన. మైదా, చక్కెర, నూనె, ఉప్పు మీ వంటింట్లోనూ ఉంటాయి. 500 అంటే సోడా ఉప్పు, బజ్జీల పిండిలో వేసేదే. అక్కడివరకు ఆగి ఉంటే అది మూడో గుంపు సరుకే. ఇన్వర్ట్ షుగర్ సిరప్ మాత్రం ఏ ఇంటి డబ్బాలోనూ ఉండదు. నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయరూ ఉండదు. వెన్న వేయకుండా వెన్న వాసన తెచ్చే సువాసనా ఉండదు. ఈ మూడే దాన్ని నాలుగో గుంపులోకి నెట్టాయి.

చూడాల్సినవి రెండే రకాలు. వంటింట్లో ఎవరూ వాడని పదార్థాలు ఒకటి: మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్, ప్రొటీన్ ఐసొలేట్, హైడ్రోజెనేటెడ్ నూనె లాంటివి. రుచిని, రంగును, నునుపును మార్చడానికే వేసేవి రెండోది: సువాసన, రంగు, తీపికారకం, ఎమల్సిఫయర్, నూడుల్స్ మసాలాలో కనిపించే 635 లాంటి రుచి పెంచేవి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా నోవా లెక్కలో అది అల్ట్రా ప్రాసెస్డ్.

చాలామంది ఇక్కడ తడబడేది అంకెల దగ్గర. అంకె కనిపిస్తే చాలు రసాయనం, విషం అనుకుంటారు. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, నకిరేకల్ నిమ్మకాయలో పులుపు అదే. 300 అంటే సి విటమిన్. 100 అంటే పసుపులోని రంగు. మా అక్క అల్లం వెల్లుల్లి పేస్టు కవరు మీద అల్లం, వెల్లుల్లి, ఉప్పు, 330, పాడవకుండా ఉంచేది ఒకటి మాత్రమే ఉన్నాయి. పాడవకుండా వేసేది ఒక్కటే ఉన్నంత మాత్రాన నాలుగో గుంపులోకి పోదు. దాన్ని పక్కన పెట్టేశాం. అంకె ఉందా లేదా అని కాదు, అది అక్కడ ఏ పని చేస్తోందని అడగాలి.

బ్రెడ్ దగ్గర మాత్రం వాదన నడుస్తుంది. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టుతో చేసిన బ్రెడ్ మూడో గుంపు. ఎమల్సిఫయర్ వేసి పది రోజులు మెత్తగా ఉండేలా చేసింది నాలుగో గుంపు. నిపుణులకు ఒకే తిండి పేరిచ్చి ఏ గుంపో చెప్పమంటే అన్నిసార్లూ ఒకే జవాబు రాలేదు. ఈ పద్ధతి మీద ఉన్న గట్టి విమర్శల్లో అదొకటి. లేబుల్ లేని బేకరీ పఫ్‌ను, అంగట్లో తూకం వేసిచ్చే మిక్చర్‌ను ఇంట్లో కూర్చుని తేల్చలేం. వాటిని సందేహం కుప్పలో పెట్టండి.

మా అక్క వారం లెక్కలో తేలింది ఇది: నాలుగో గుంపు కవర్లు 43, సందేహం కుప్పలో బ్రెడ్ ఒకటి.

ఇక హాని మాట: ఏది గట్టిగా తెలుసు

నలభై మూడు చూసి భయపడే ముందు పరిశోధనల దగ్గరికి వెళదాం. అందరికంటే ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం అమెరికాలో 2019లో అచ్చయింది. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుంది. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ భోజనం, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన భోజనం. ఎవరికి ఏది ముందన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. పళ్లెంలో పెట్టిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు వైపులా సమానంగా ఉండేలా చూశారు. తినడం మాత్రం వాళ్ల ఇష్టం, ఎంతైనా తినొచ్చు, ఎంతైనా వదిలేయొచ్చు.

అల్ట్రా ప్రాసెస్డ్ తిన్న రెండు వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. దాదాపు 90 గ్రాముల పల్లీల్లో ఉండేంత శక్తి అది. బరువు సగటున 0.9 కిలోలు పెరిగింది. మామూలు పదార్థాలతో వండిన భోజనం మీద అంతే తగ్గింది. రుచి ఎలా ఉందని అడిగితే రెండింటికీ దాదాపు ఒకేలా మార్కులు వేశారు. అంటే రుచి ఎక్కువై తిన్నారని చెప్పడానికి లేదు. తేడా కనిపించిన చోట్లలో ఒకటి వేగం. అల్ట్రా ప్రాసెస్డ్ తిండిని వాళ్లు త్వరత్వరగా తినేశారు. పైగా అదే శక్తి చిన్న ముద్దలో ఇమిడిపోయింది.

ఇది ఇంట్లో కంటితో చూడొచ్చు. 50 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్ ఒకటి, ఒక గిన్నెడు ఉడికించిన శనగ గుడాలు ఒకటి పిల్లల ముందు పెట్టి గడియారం చూడండి. మా అక్క చిన్నకొడుకు బిస్కెట్‌ను చాయ్‌లో ముంచాడు, నోట్లోకి పోయేసరికే అది ముద్దయి ఉంది. రెండు సార్లు దవడ ఆడించి మింగేశాడు. ప్యాకెట్ అయిపోయాక "ఇంకోటి ఉందా?" అన్నాడు. గుడాలు సగం గిన్నె అయ్యేసరికి దవడ నొప్పి లేస్తోందని లేచి ఆటకు పోయాడు. జొన్న రొట్టె తినే అత్తమ్మకూ, బ్రెడ్ తినే మనవడికీ ఉన్న తేడా అదే.

ఈ ప్రయోగం హద్దులు కూడా చెప్పాలి. ఇరవై మందే. ఒక్కో తిండి రెండు వారాలే. ఎక్కువ తినిపిస్తుందని, బరువు పెంచుతుందని చూపింది గానీ, గుండె జబ్బో క్యాన్సరో తెస్తుందని ఇది చూపలేదు, ఇంత చిన్న ప్రయోగం చూపగలిగేదీ కాదు. 2025లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 55 మందితో ఇంకాస్త పొడవైన ప్రయోగం చేశారు, ఒక్కో తిండి ఎనిమిది వారాలు. ఈసారి రెండు రకాల తిండినీ ఆ దేశపు పోషకాహార సూచనలకు తగ్గట్టుగా ఎంచారు. అప్పుడు రెండింటి మీదా బరువు తగ్గింది. తక్కువ ప్రాసెస్ చేసిన తిండి మీద సుమారు 2 శాతం, అల్ట్రా ప్రాసెస్డ్ మీద సుమారు 1 శాతం. పోషకాలు సరిగ్గా చూసి ఎంచుకుంటే నాలుగో గుంపు తిండి కూడా బరువు పెంచి తీరాలనేం లేదు, అయినా తక్కువ ప్రాసెస్ చేసిందే మెరుగ్గా ఉందని దీన్నిబట్టి నాకర్థమైంది.

ఏది తేలలేదు

గుండె జబ్బు, షుగర్, దిగులు, క్యాన్సర్ అంటూ వినిపించే వార్తలు చాలావరకు వేరే తరహా అధ్యయనాల నుంచి వస్తాయి. వేలమందిని ఏం తింటారని అడిగి, ఏళ్ల తరబడి వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తారు. అలాంటివన్నీ కలిపి 2024లో బీఎంజే అనే వైద్య పత్రిక ఒక సమీక్ష వేసింది. దాదాపు కోటిమంది వివరాలున్నాయి అందులో. అల్ట్రా ప్రాసెస్డ్ ఎక్కువ తినేవాళ్లలో గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 50 శాతం ఎక్కువ కనిపించింది. టైప్ 2 షుగర్‌కూ సంబంధం కనిపించింది.

50 శాతం అంటే సగం మంది పోతారని కాదు. వందలో ఇద్దరికి వచ్చే ముప్పు ముగ్గురికి వచ్చిందంటే అది 50 శాతం ఎక్కువ. ఇంకో మాట: అదే సమీక్షలో చాలా సంబంధాలకు ఆధారాల నాణ్యత తక్కువ అని రాశారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. అచ్చంపేట నుంచి హైదరాబాద్ పోయి రాత్రిపూట కారు నడిపే మనిషిని తీసుకోండి. నిద్ర తక్కువ, కదలిక తక్కువ, సిగరెట్ ఉంటుంది, అప్పుల దిగులు ఉంటుంది, ఆకలైతే ప్యాకెట్ చింపుతాడు. పదేళ్లకు గుండె నొప్పి వస్తే ప్యాకెట్‌ది ఎంత, నిద్రది ఎంత, సిగరెట్‌ది ఎంత? లెక్కలతో వీటిని వేరు చేస్తారు, కానీ పూర్తిగా వేరు పడవు. పైగా ఇలాంటి అధ్యయనాలు ఎక్కువగా అమెరికా, యూరప్ జనం మీద జరిగినవి.

మీ సంచికి నిజంగా పనికొచ్చేది మరొకటి ఉంది. నాలుగో గుంపును మొత్తంగా కాకుండా రకాలుగా విడదీసి చూస్తే అన్నీ ఒకేలా లేవు. 2023లో యూరప్‌లో, 2024లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో తీపి కూల్‌డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం ముప్పుతో ముడిపడి కనిపించాయి. బ్రెడ్లు, ధాన్యపు అల్పాహారాలు అలా కనిపించలేదు. ఎమల్సిఫయర్లు పేగుల్లోని సూక్ష్మజీవులను మారుస్తాయని ఎలుకల్లో గట్టిగానే చూశారు. మనుషుల్లో చిన్న ప్రయోగాలే ఉన్నాయి. కాబట్టి 471 చూసి వణకాల్సిన పని లేదు, సీసాలోని చక్కెరను మాత్రం వదలకూడదు.

ఏది ముందు తగ్గించాలి

ముందు కూల్‌డ్రింక్. కవరు మీద 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎంతని రాసి ఉంటుంది, మామూలుగా 10, 11 గ్రాములు. 250 మిల్లీలీటర్ల సీసాకు రెండున్నర రెట్లు, అంటే 25 నుంచి 27 గ్రాములు. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక్క సీసాతో అది అయిపోతుంది, కడుపు మాత్రం నిండదు. నల్లగొండ బత్తాయిల సీమ, ఆ పండు వొలిచి తినండి. ఎండకు సల్ల, ఉప్పు వేసిన నిమ్మరసం చాలు. ఈ ఒక్కదాన్ని నూటికి నూరు పాళ్లు మానేయమంటాను. మిగతావాటికి అంత గట్టిగా చెప్పను.

తర్వాత పిల్లలు బడి నుంచి రాగానే చింపే ప్యాకెట్. దీన్ని మాటలతో ఆపలేం. ఆ వేళకు చేతికందేది ఇంకోటి ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెండు పిడికిళ్ల శనగలో బొబ్బర్లో నానబెట్టండి. పొద్దున అన్నం వండేటప్పుడు కుక్కర్లో పెట్టేయండి. సాయంత్రం ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపు వేస్తే పది నిమిషాల పని. అది కుదరని రోజు పుట్నాలు, బెల్లం, పేలాలు డబ్బాలో ఉంచండి. పల్లీలూ మంచివే, కానీ అందులో శక్తి చాలా ఎక్కువ, పిడికెడు చాలు.

షుగర్ ఫ్రీ బిస్కెట్ల దగ్గర చాలా ఇళ్లు మోసపోతాయి. చక్కెర లేదన్నది నిజమే, అయితే మొదటి పదార్థం మైదాయే. కవరు మీద చక్కెర గీత కాకుండా కార్బోహైడ్రేట్ గీత చూడండి. అత్తమ్మ ప్యాకెట్‌లో అది మామూలు బిస్కెట్ కంటే పెద్దగా తగ్గలేదు. "మరి ఇన్నొద్దులు ఇది మందు లెక్క తింటున్న గద బిడ్డా" అంది ఆమె. మాల్ట్ పొడి కూడా అంతే. దాన్ని హెల్త్ డ్రింక్ అనే వర్గంలో పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. ఆహార చట్టంలో అలాంటి వర్గమే లేదు. విటమిన్లు కలిపి ఉంటాయి, కాదనను. పాలు, గుడ్డు ఉన్న ఇంట్లో దాని అవసరం తక్కువ.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. పసిపిల్లలకు డాక్టర్ రాసిన డబ్బా పాలు కూడా నోవా లెక్కలో నాలుగో గుంపే. ఈ వ్యాసం చూసి దాన్ని ఆపొద్దు. రోగులకు రాసిన పొడులూ అంతే.

రెండోది, నాలుగో గుంపు కానంత మాత్రాన మంచిదని కాదు. సకినాలు, గారిజెలు, మిర్చి బజ్జీలు నోవా లెక్కలో నిర్దోషులు, నూనె మాత్రం నూనే. మా బావ రోజుకు మూడు చాయ్‌లు తాగుతాడు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అది కూడా సుమారు కూల్‌డ్రింక్ సీసా అంతే అవుతుంది. ఆ చక్కెరకు సంచిలో కవరు పడలేదు కాబట్టి మా లెక్కలోకి రాలేదు. దాన్ని విడిగా రాసుకోవాలి.

నెల తర్వాత మళ్లీ సంచి

నెల గడిచాక మరో వారం కవర్లు దాచి లెక్కపెట్టండి. అక్క ఇంట్లో 43 కాస్తా 19 అయ్యాయి. కూల్‌డ్రింక్ సీసా ఒక్కటీ లేదు. మాల్ట్ పొడి, షుగర్ ఫ్రీ బిస్కెట్లు పోయాయి. బిస్కెట్లు 8, కరకర ప్యాకెట్లు 8, నూడుల్స్ 3. నూడుల్స్ గురించి అడిగితే అక్క దాచలేదు. పత్తి ఏరే రోజులు, చీకటి పడ్డాక ఇల్లు చేరుతోంది, అప్పటికి పిల్లలు ఆకలి మీదుంటారు, ఐదు నిమిషాల్లో అయ్యేది అదొక్కటే. ఆ మూడింటిని అలాగే ఉండనిచ్చాం. ఒక గుడ్డు కొట్టి వేయమని, ఉప్పు ఎక్కువ కాబట్టి మసాలా పొట్లం సగమే చల్లమని చెప్పాను.